వాలు నుంచి వేగం దాకా: 340 నానోమీటర్ల దగ్గర ఎల్‌డీహెచ్‌ని కొలవడం

(కర్నూలులో బయోకెమిస్ట్రీ విద్యార్థులు, ల్యాబ్ టెక్నీషియన్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం, తిరగచెప్పిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన వాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, బోర్డు మీద అంకెలు రాయాలి, అక్కడి నుంచి కనపడవు.

మన ఊళ్లో ఎండాకాలం వస్తే ప్రతి ఇంట్లో నీళ్ల డ్రమ్ము ఉంటుంది. కుళాయి వచ్చినప్పుడు నింపుకుంటాం, మళ్లీ వచ్చేదాకా అదే ఆధారం. అలాంటి డ్రమ్ముకి అడుగున ఒక కుళాయి ఉందనుకోండి. అది ఎంత వేగంగా కారుతోందో మీరు తెలుసుకోవాలి. చేతిలో బకెట్ లేదు, కొలత చెంబు లేదు. ఉన్నది ఒక్క కర్ర. కర్రని డ్రమ్ములో నిలబెట్టి, నిమిషానికోసారి నీళ్లు ఎంతవరకు తడిపాయో చూస్తారు. నిమిషానికి రెండు అంగుళాలు దిగుతోంది. మంచిదే, కానీ రెండు అంగుళాలంటే ఎన్ని లీటర్లు? డ్రమ్ము వెడల్పు తెలిస్తేనే చెప్పగలం. అంగుళానికి అయిదు లీటర్లు పట్టే డ్రమ్ము అయితే కుళాయి వేగం నిమిషానికి పది లీటర్లు.

ఎల్‌డీహెచ్ పరీక్షలో మనం చేసేది సరిగ్గా ఇదే. డ్రమ్ములో నీళ్లు ఎన్‌ఏడీహెచ్. కుళాయి మన ఎంజైము, లాక్టేట్ డీహైడ్రోజినేస్. కర్ర మన స్పెక్ట్రోఫొటోమీటరు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్న విషయం కూడా ఈ డ్రమ్ములోనే ఉంది. నీళ్లు అయిపోయిన డ్రమ్ములో కర్ర పెడితే మట్టం కదలదు. కుళాయి బార్లా తెరిచి ఉన్నా కదలదు. కర్రని మాత్రమే నమ్మేవాడు "కుళాయి కట్టేసి ఉంది" అని రాసుకుంటాడు. నేను ఒకప్పుడు అలాగే రాశాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు కర్ర గురించి. పైరువేట్ లాక్టేట్‌గా మారేటప్పుడు ఒక్కో పైరువేట్ అణువుకి ఒక్కో ఎన్‌ఏడీహెచ్ అణువు ఖర్చయి ఎన్‌ఏడీగా మారుతుంది. ఒకటికి ఒకటి, లెక్కలో తేడా లేదు. పైరువేట్‌ని గానీ లాక్టేట్‌ని గానీ కాంతితో చూడటం కష్టం, వాటికి చెప్పుకోదగ్గ రంగు లేదు. ఎన్‌ఏడీహెచ్‌కి మాత్రం ఉంది. మన కంటికి కనపడని రంగు. అతినీల కాంతిలో, కంటిచూపు మొదలయ్యే అంచుకి కాస్త ఇవతల, 340 నానోమీటర్ల దగ్గర అది కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. ఎన్‌ఏడీ అయితే అక్కడ దాదాపు ఏమీ పీల్చుకోదు. రెండింటికీ తేడా నికోటినమైడ్ వలయంలో ఉంది. హైడ్రోజన్ వచ్చి చేరగానే ఆ వలయంలో ఎలక్ట్రాన్ల అమరిక మారుతుంది, దాంతో ఈ కొత్త శిఖరం పుడుతుంది.

260 దగ్గర కూడా ఎన్‌ఏడీహెచ్ పీల్చుకుంటుంది కదా, పైగా ఇంకా ఎక్కువగా, మరి అక్కడ ఎందుకు చూడకూడదు అని ఒక అమ్మాయి ఇందాక టీ తాగేటప్పుడు అడిగింది. మంచి ప్రశ్న. 260 దగ్గర ఎన్‌ఏడీ కూడా పీల్చుకుంటుందమ్మా, ఎందుకంటే రెండింటిలోనూ ఎడినిన్ ఉంది. ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగితే అక్కడ పెద్దగా ఏమీ కదలదు. పైగా సీరంలోని ప్రొటీన్లన్నీ ఆ దగ్గర్లోనే గోల చేస్తాయి. 340 దగ్గర ఆ గోల తక్కువ, మనకి కావాల్సిన గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. 340 కాబట్టి ఖరీదైన క్వార్ట్‌జ్ క్యూవెట్ అక్కర్లేదు, మామూలు గాజుదో ప్లాస్టిక్‌దో సరిపోతుంది. ఈ పద్ధతికి బాట వేసింది ఓటో వార్‌బర్గ్, 1930లలో.

ఇక డ్రమ్ము వెడల్పు. 1948లో హోరెకర్, కోర్న్‌బర్గ్ అని ఇద్దరు కలిసి ఎన్‌ఏడీహెచ్ కాంతిని ఎంత పీల్చుకుంటుందో జాగ్రత్తగా కొలిచారు. ఈ కోర్న్‌బర్గే తర్వాత డీఎన్‌ఏ తయారీ ఎంజైము మీద చేసిన పనికి 1959లో నోబెల్ అందుకున్నది. వాళ్లు చెప్పిన అంకె 6220. అంటే ఒక సెంటీమీటరు మందం ఉన్న క్యూవెట్‌లో ఒక మిల్లీమోలార్ ఎన్‌ఏడీహెచ్ ఉంటే అబ్జార్బెన్స్ 6.22 చూపిస్తుంది. అంత ఎక్కువ అబ్జార్బెన్స్‌ని మన ల్యాబుల్లోని మామూలు మిషన్లు నమ్మకంగా చదవలేవు కాబట్టి మనం చాలా పల్చగా వాడతాం. తర్వాతి కాలంలో ఇంకా జాగ్రత్తగా కొలిచి 6.3 అని తేల్చారు. కొన్ని కిట్లు 6.22 వాడతాయి, కొన్ని 6.3. తేడా నూటికి ఒకటిన్నర కూడా లేదు. దాని గురించి కంగారు పడొద్దు, కానీ మీ కిట్ ఏది వాడిందో తెలుసుకోండి. ఎందుకో లెక్క వేసేటప్పుడు చూపిస్తాను.

మనం ఇవాళ వాడే రియేజెంట్ ఇది. ఫాస్ఫేట్ బఫర్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, పైరువేట్ 0.6 మిల్లీమోలార్, ఎన్‌ఏడీహెచ్ 0.18 మిల్లీమోలార్. ఈ రెండు చివరి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పైరువేట్ మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఉన్న ఎన్‌ఏడీహెచ్ మొత్తం ఖర్చయిపోయినా పైరువేట్ ఇంకా 0.42 మిగిలే ఉంటుంది. కాబట్టి ఈ పరీక్షలో ముందుగా అయిపోయేది ఎప్పుడూ ఎన్‌ఏడీహెచ్చే. మరి పైరువేట్ ఇంకా ఎక్కువ వేస్తే ఇంకా మంచిది కదా అంటే, కాదు. మోతాదు మించితే పైరువేట్ ఇదే ఎంజైముని అణిచేస్తుంది, ముఖ్యంగా గుండె కండరంలో ఉండే రకాన్ని. అందుకే ఆ అంకెని అక్కడ ఆపారు.

వెయ్యి మైక్రోలీటర్ల రియేజెంట్ తీసుకుని 37 డిగ్రీలకి తెస్తాం. ఇరవై మైక్రోలీటర్ల సీరం వేసి కలుపుతాం. ఒక నిమిషం ఆగుతాం. ఆ తర్వాత నిమిషానికోసారి మూడు నిమిషాలు రీడింగ్ తీస్తాం. అంతే పని. ఆ మొదటి నిమిషం ఎందుకు ఆగుతామంటే, సీరం కలవాలి, వేడి సమం కావాలి, సీరంలో మొదట్లో వచ్చే చిల్లర చర్యలు సద్దుమణగాలి. ఈ ఒక్క నిమిషాన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కిందటి వారం నేను తీసిన ఒక సీరం రీడింగులు బోర్డు మీద రాస్తున్నాను. ఒక నిమిషం ఆగాక 1.084. తర్వాత నిమిషానికి 1.041. ఆ తర్వాత 0.996. చివర 0.953. వరస తేడాలు చూడండి: 0.043, 0.045, 0.043. దాదాపు సమానం. అంటే గీత నిటారైన గీతే, వంపు లేదు. మొత్తం తగ్గుదల 0.131, మూడు నిమిషాలకి. నిమిషానికి 0.0437.

ఇక్కడే ఆగి ఒక పని చేయాలి, చాలామంది వదిలేస్తారు. సీరం బదులు నీళ్లు వేసి అదే కొలత ఇంకోసారి తీయాలి. ఎంజైము లేకపోయినా ఎన్‌ఏడీహెచ్ దానంతటదే కొద్దికొద్దిగా చెడిపోతూ ఉంటుంది, ఫాస్ఫేట్ బఫర్‌లో మరీను. డ్రమ్ముకి కుళాయి కాకుండా చిన్న చిల్లు కూడా ఉన్నట్టు. మా రియేజెంట్‌లో ఆ చిల్లు నిమిషానికి 0.001 చూపించింది. దాన్ని తీసేస్తే ఎంజైము వల్ల తగ్గింది 0.0427.

ఇప్పుడు అంగుళాలని లీటర్లు చేద్దాం. సూత్రం బట్టీ పట్టొద్దు, నాతో పాటు మెట్టు మెట్టుగా రండి. 0.0427ని 6.22తో భాగిస్తే 0.006865. ఇది మిల్లీమోలార్‌లో నిమిషానికి తగ్గిన గాఢత. మిల్లీమోలార్ అంటే మిల్లీలీటరుకి ఒక మైక్రోమోల్ కదా, కాబట్టి మన క్యూవెట్‌లో ప్రతి మిల్లీలీటరులో నిమిషానికి 0.006865 మైక్రోమోల్ ఖర్చయింది. క్యూవెట్‌లో ఉన్నది 1.02 మిల్లీలీటర్లు. గుణిస్తే 0.0070 మైక్రోమోల్. ఇంత పనీ చేసింది ఎవరు? మనం వేసిన ఇరవై మైక్రోలీటర్ల సీరం, అంటే 0.02 మిల్లీలీటరు. భాగిస్తే ఒక మిల్లీలీటరు సీరానికి 0.35. లీటరుకి 350. నిమిషానికి ఒక మైక్రోమోల్‌ని మార్చే ఎంజైముని ఒక యూనిట్ అంటాం కాబట్టి మన జవాబు లీటరుకి 350 యూనిట్లు.

ఈ మెట్లన్నీ ఒకే వరసలో పెడితే ఇలా వస్తుంది:

```
U/L = (ΔA/min) × 1.02 × 1000 / (6.22 × 1 × 0.02)
    = (ΔA/min) × 8199
```

కిట్ కాగితం మీద ఫ్యాక్టర్ 8095 అని ఉంటే కంగారు పడకండి. వాళ్లు 6.22 బదులు 6.3 వేశారు, అంతే. దాంతో ఇదే సీరం 346 వస్తుంది. 350కీ 346కీ తేడా రోగికి ఏమీ కాదు. కానీ ఒక నెల ఒక ఫ్యాక్టరు, ఇంకో నెల ఇంకో ఫ్యాక్టరు వాడితే మీ కంట్రోల్ చార్టు మెట్టులా కదులుతుంది, మీరు ఎంజైములో తప్పు వెతుకుతారు.

ఆ హారంలో 1 అని ఒక అంకె ఉంది చూశారా? అది క్యూవెట్ మందం, ఒక సెంటీమీటరు. చాలామంది దాన్ని రాయను కూడా రాయరు. మీలో పరిశోధన చేసేవాళ్లు 96 గుంటల ప్లేటులో ఇదే పరీక్ష చేస్తారు. అక్కడ కాంతి పైనుంచి కిందికి పోతుంది, మందం మీరు పోసిన ద్రవం ఎత్తుని బట్టి ఉంటుంది. రెండు వందల మైక్రోలీటర్లు పోస్తే అది సెంటీమీటరులో సగానికి కాస్త అటూ ఇటూ. ఆ 1ని మార్చకుండా లెక్క వేస్తే మీ ఎంజైము సగానికి సగం మాయమైపోతుంది.

ఇప్పుడు నా సంగతి.

చాలా ఏళ్ల కిందట, చదువు అయిపోయిన కొత్తలో, నేను ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. అప్పుడు మాకున్నది సగం చేత్తో, సగం దానంతటదే పనిచేసే మిషను. శాంపిల్ పీల్పిస్తే అది ఒక నిమిషం ఆగి, మూడు నిమిషాలు చూసి, ఫ్యాక్టర్‌తో గుణించి ఒక అంకె చూపించేది. ఒక రోజు ఒక ముసలాయన శాంపిల్ వచ్చింది. పాలిపోయి ఉన్నాడు, నడిస్తే ఆయాసం, నాలుక ఎర్రగా నున్నగా ఉంది. హిమోగ్లోబిన్ చాలా తక్కువ. ఎల్‌డీహెచ్ వేశాను. మిషను 41 అని చూపించింది. నేను 41 అని రాసి పంపేశాను.

సాయంత్రం డాక్టరు గారు కిందికి దిగి వచ్చారు. కోప్పడలేదు. "ఈయనకి బీ12 లోపం అని నా అనుమానం. ఎల్‌డీహెచ్ వేలల్లో ఉండాలి. మీరు మామూలు మనిషికన్నా చాలా తక్కువ ఇచ్చారు. ఒక్కసారి చూస్తారా?" అన్నారు. బీ12 గానీ ఫోలేట్ గానీ లేక వచ్చే రక్తహీనతలో ఎముక మూలుగలోనే ఎర్ర కణాలు పుట్టకముందే పగిలిపోతుంటాయి. వాటిలోని ఎల్‌డీహెచ్ అంతా రక్తంలోకి వస్తుంది. ఇంతగా ఎల్‌డీహెచ్ పెరిగే జబ్బులు చాలా తక్కువ.

నేను శాంపిల్ మళ్లీ పెట్టాను. ఈసారి చివరి అంకె కోసం ఎదురుచూడకుండా, మిషను తీస్తున్న రీడింగుల్ని ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. 0.118. 0.107. 0.104. 0.103.

బోర్డు మీద పాత సీరం అంకెల పక్కన ఇవి రాస్తున్నాను, చూడండి. అది 1.084 దగ్గర మొదలైంది. ఇది 0.118 దగ్గర. ఎన్‌ఏడీహెచ్ 0.18 మిల్లీమోలార్ ఉన్న రియేజెంట్, సీరం కలిశాక కాస్త పల్చబడినా, 1.1 దగ్గర మొదలవ్వాలి. నేను చూడటం మొదలుపెట్టేసరికే అది దాదాపు సున్నాకి వచ్చేసింది. మిగిలిన ఆ 0.1 చిల్లర చాలావరకు సీరం సొంత రంగు. డ్రమ్ము ఖాళీ. నేను ఖాళీ డ్రమ్ములో కర్ర పెట్టి, మూడు నిమిషాల్లో 0.015 తగ్గింది, నిమిషానికి 0.005, ఇంటూ 8199, నలభై ఒకటి అని రాశాను. మిషను లెక్క తప్పు చేయలేదు. నేను దానికి ఇచ్చిన ప్రశ్నే తప్పు.

ఆ సీరంని సెలైన్‌తో ఇరవై రెట్లు పల్చన చేశాను, ఒక వంతు సీరం, పంతొమ్మిది వంతులు సెలైన్. మళ్లీ పెట్టాను. 1.047, 0.991, 0.936, 0.881. తేడాలు 0.056, 0.055, 0.055. ఆ నిటారు గీత చూసినప్పుడు నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. నిమిషానికి 0.0553, చిల్లుకి 0.001 తీసేస్తే 0.0543. ఫ్యాక్టర్‌తో 445, ఇరవైతో గుణిస్తే దగ్గర దగ్గర 8900 యూనిట్లు. నా మీద నాకే నమ్మకం లేక నలభై రెట్లు కూడా పల్చన చేశాను. నిమిషానికి 0.0272 వచ్చింది, అంటే 223, ఇంటూ నలభై, 8920. రెండూ కలిశాయి. రెండు వేర్వేరు పల్చదనాల్లో ఒకే జవాబు వస్తే ఆ వాలు నిజంగా ఎంజైముదే అని ఒప్పుకోవచ్చు. కలవకపోతే ఇంకా పల్చన చేయాలి.

వెనక్కి లెక్క వేసి చూద్దాం. 8900ని 8199తో భాగిస్తే నిమిషానికి 1.09. రియేజెంట్‌లో మొత్తం ఉన్నదే 1.1. అంటే ఆ ముసలాయన సీరం మొత్తం ఎన్‌ఏడీహెచ్‌ని సరిగ్గా ఒక నిమిషంలో తాగేసింది. మనం ఆగే ఆ ఒక్క నిమిషంలోనే. నేను వాచీ చూసుకుంటూ ఆగిన ఆ నిమిషంలోనే పరీక్షంతా జరిగిపోయింది, నేను చూడటం మొదలుపెట్టింది అది అయిపోయాక.

ఇక్కడ ఒక భయంకరమైన విషయం ఉంది. శాంపిల్‌లో ఎల్‌డీహెచ్ ఎంత ఎక్కువ ఉంటే తప్పు అంత పెద్దది, జవాబు అంత చిన్నది. 2000 ఉన్న శాంపిల్ కొంచెమే తక్కువ చూపిస్తుంది. 5000 ఉన్నది కొలత మధ్యలోనే చదునైపోయి చాలా తక్కువ చూపిస్తుంది. 9000 ఉన్నది ఏమీ లేనట్టు చూపిస్తుంది. అంటే అందరికన్నా జబ్బుగా ఉన్న మనిషి రిపోర్టే అందరికన్నా నిశ్చింతగా కనిపిస్తుంది. ఇప్పటి పెద్ద మిషన్లు చాలావరకు దీన్ని పట్టుకుని పక్కన ఒక గుర్తు పెడతాయి. ఆ గుర్తుని చెరిపేసి రిలీజ్ బటన్ నొక్కే చెయ్యి మాత్రం మనదే.

అందుకని రీడింగ్ తీసేటప్పుడు నేను చూసేది రెండే. మొదటి రీడింగ్ ఎక్కడ మొదలైంది? ఇది 0.8 కన్నా దిగువన ఉంటే చెయ్యి ఆపుతాను. కారణం రెండిట్లో ఒకటి. శాంపిల్‌లో ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువైనా అయ్యుండాలి, రియేజెంట్ పాతబడి ఎన్‌ఏడీహెచ్ చచ్చిపోయినా అయ్యుండాలి. నీళ్లు వేసిన క్యూవెట్ ఆ సంగతి వెంటనే చెప్పేస్తుంది. అది కూడా తక్కువలో మొదలైతే తప్పు రియేజెంట్‌ది. రెండోది, వాలు. నిమిషానికి 0.15 దాటితే పల్చన చేసి మళ్లీ పెడతాను. ఎందుకు 0.15? ఆగిన నిమిషం, చూసిన మూడు నిమిషాలు, మొత్తం నాలుగు. నాలుగు ఇంటూ 0.15 అంటే 0.6. ఉన్న 1.1లో సగానికి కాస్త ఎక్కువ. అంతవరకు ఎంజైముకి ఎన్‌ఏడీహెచ్ కొరత తెలియదు, నిండా దొరికినట్టే పనిచేస్తుంది. ఆ 0.15ని ఫ్యాక్టర్‌తో గుణిస్తే దాదాపు 1200. చాలా కిట్లు ఇంతకు మించితే పల్చన చేయమని చెప్పేది ఈ లెక్క వల్లే.

గీత రెండో వైపుకి కూడా వంగుతుంది. మొదట నెమ్మదిగా తగ్గి, పోనుపోను వేగం పెరుగుతుంది. తేడాలు 0.030, 0.037, 0.042 అన్నట్టు వస్తాయి. ఎన్‌ఏడీహెచ్ అయిపోతే ఇలా రాదు, అప్పుడు తేడాలు తగ్గుతూ వస్తాయి గానీ పెరగవు. ఇలా పెరుగుతుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన రియేజెంట్ ఇంకా వేడెక్కుతోందని అర్థం. ఒక్కో డిగ్రీకి ఎంజైము వేగం నూటికి ఆరేడు వంతులు మారుతుంది. మన ఊళ్లో దీనికి తలకిందులైన ఇబ్బంది కూడా ఉంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిపోతే గది 40 దాటుతుంది. చాలా మిషన్లలో క్యూవెట్ పెట్టే చోట వేడి చేసే ఏర్పాటు ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. అది 37 దగ్గర నిలబడదు, గదితో పాటు పైకి పోతుంది. గీత నిటారుగానే ఉంటుంది, మొదటి రీడింగ్ బాగానే ఉంటుంది, జవాబు మాత్రం నూటికి ఇరవై ఎక్కువ వస్తుంది. దీన్ని వాలు చూసి పట్టుకోలేరు. క్యూవెట్‌లో సన్నటి థర్మామీటరు ముంచి చూడాల్సిందే, లేదా కంట్రోల్ సీరం పెట్టాలి.

వేడి అన్నాం కాబట్టి ఒక మాట. ఆదోని నుంచో ఆలూరు నుంచో బస్సులో శాంపిల్ వస్తుంది. పంపినవాళ్లు మంచి మనసుతో ఐస్ మీద పెట్టి పంపుతారు. వేరే ఎంజైములకి అది మంచిదే. ఎల్‌డీహెచ్‌కి కాదు. ఇందులో అయిదు రకాలున్నాయి, కాలేయంలో ఎక్కువగా ఉండే రకం చలికి తట్టుకోదు, ఫ్రిజ్‌లో పెడితే పని పోగొట్టుకుంటుంది. సీరంని వేరుచేసి పాతిక డిగ్రీల దగ్గర ఉంచితే రెండు రోజులు బాగానే ఉంటుంది. వేరు చేయడం మాత్రం తప్పనిసరి, అది కూడా త్వరగా. ఎర్ర కణాల్లో సీరంలో కన్నా వంద రెట్లకు పైగా ఎల్‌డీహెచ్ ఉంటుంది. గతుకుల రోడ్డు మీద రక్తం అలాగే కుదుపులు తింటూ వస్తే కణాలు చిట్లుతాయి. సీరం లేత గులాబీ రంగులో కనపడితే, మీరు ఎంత గొప్పగా వాలు తీసినా ఆ అంకె రోగిది కాదు, బస్సుది. అలాంటి శాంపిల్‌ని తిప్పి పంపి మళ్లీ తీయించాలి.

చివరిగా ఒక ప్రశ్న మీకే వేస్తాను. ఇందాకటి మొదటి సీరం, 350 యూనిట్లు. అది ఎక్కువా, మామూలా? ...ఎక్కువ అన్నవాళ్లు చేతులెత్తండి. సరే. మామూలే అన్నవాళ్లు? ఇద్దరూ కొంత నిజమే చెప్పారు.

మనం చేసింది పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు. అబ్జార్బెన్స్ తగ్గుతూ వచ్చింది. ఇదే ఎంజైముని వెనక్కి కూడా నడపొచ్చు, లాక్టేట్ నుంచి పైరువేట్ వైపు. అప్పుడు ఎన్‌ఏడీ వేస్తాం, పీహెచ్‌ని తొమ్మిది దాటిస్తాం, ఎన్‌ఏడీహెచ్ పుడుతుంది, అబ్జార్బెన్స్ పెరుగుతుంది. క్లినికల్ కెమిస్ట్రీ అంతర్జాతీయ సమాఖ్య ప్రామాణికంగా తీసుకున్నది ఈ రెండో దారి. అక్కడ మొదలు సున్నాకి దగ్గర్లో ఉంటుంది కాబట్టి నేను చెప్పిన ఖాళీ డ్రమ్ము చిక్కు అదే రూపంలో రాదు. కానీ ఆ దిశలో ఎంజైము నెమ్మది. మన దారిలో పెద్దవాళ్లకి మామూలు హద్దు 460 చుట్టుపక్కల దాకా ఉంటుంది, ఆ దారిలో 250 దాకానే. ఒకే సీరం, ఒకే 37 డిగ్రీలు, ఒకే 340. అయినా అంకె దాదాపు రెట్టింపు తేడా. మన పద్ధతిలో 350 మామూలే. రెండో పద్ధతిలో 350 అంటే ఎక్కువ. రోగి ఒక ల్యాబులో ఒక నెల, ఇంకో ల్యాబులో ఇంకో నెల చేయించుకుని, రెండు కాగితాలు పక్కన పెట్టుకుని నిద్ర పోకుండా కూర్చుంటాడు. రిపోర్టు మీద ఏ దిశలో కొలిచామో ఒక ముక్క, మా పద్ధతి హద్దు ఇది అని ఇంకో ముక్క రాస్తే ఆయనకి ఆ టెన్షన్ ఉండదు.

ఆ ముసలాయన సంగతి అడుగుతున్నారు. రిపోర్టు మార్చి ఇచ్చాం, డాక్టరు గారు ఆ రాత్రే బీ12 ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆయన తర్వాత రెండుసార్లు రక్తం ఇవ్వడానికి వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు సీరంని పల్చన చేయకుండానే పెట్టాను, గీత నిటారుగా వచ్చింది.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి రండి. మూడు క్యూవెట్లు పెట్టాను. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో మామూలు సీరం, మూడోది కావాలనే ఎర్ర కణాలు చిట్లగొట్టిన సీరం. క్యూవెట్‌ని పైన పట్టుకోండి, కాంతి పోయే ముఖం మీద వేలు పెట్టొద్దు. మూడోది పెట్టేటప్పుడు నిమిషం ఆగొద్దు, కలిపిన మరుక్షణం నుంచి అయిదేసి సెకన్లకి ఒక రీడింగ్ రాసుకోండి. ఎక్కడ చదునైందో ఆ సెకను దగ్గర గ్రాఫు మీద ఒక చుక్క పెట్టి, ముందున్న వాలుతోనే లెక్క వేసి నాకు చూపించండి.